రాత్రి పూట మోగాల్సింది ఒక్క ఫోనే: మా రిమోట్ టీమ్ కేస్ స్టడీ

2024 మే నెలాఖరులో మా టీమ్‌లో ఒక డెవలపర్ రాజీనామా పెట్టాడు. కాకినాడలో ఇంటి నుంచే పని చేసేవాడు, నాలుగేళ్లుగా మాతో ఉన్నవాడు. జీతం విషయమా అని అడిగాను.

"కాదక్కా. పని కూడా మరీ ఎక్కువేం కాదు. రాత్రి అన్నం తినేటప్పుడు ఫోన్ కంచం పక్కనే పెట్టుకుంటున్నా. మొన్న మా ఆవిడ అడిగింది, దానికి కూడా విస్తరి వేయమంటారా అని."

ఇద్దరం నవ్వుకున్నాం. కాల్ పెట్టేశాక అతనితో నా చాట్ తెరిచి వెనక్కి చదివాను. ఆ నెలలో రాత్రి తొమ్మిది దాటాక నేను అతనికి పదకొండు మెసేజ్‌లు పెట్టాను. అన్నింటికీ ఐదు నిమిషాల్లోపే జవాబు ఇచ్చాడు. ఆ పదకొండింటిలో ఒక్కటి కూడా ఆ రాత్రి తేలాల్సిన విషయం కాదు. ఒకటైతే అక్షరాలా "హాయ్" మాత్రమే. తర్వాత నేనేం అడగాలనుకున్నానో నాకే గుర్తు లేదు.

మేం చేసేది గోడౌన్ల సాఫ్ట్‌వేర్. క్లయింట్ అమెరికాలో డాలస్ దగ్గర ఉంటుంది. ఆర్డర్లు రావడం, లేబుళ్లు ప్రింట్ కావడం, ట్రక్కుల్లోకి ఎక్కడం, ఇదంతా మా కోడ్ మీద నడుస్తుంది. అతను పోగా నాతో కలిపి తొమ్మిది మందిమి మిగిలాం. హైదరాబాద్, విశాఖ, గుంటూరు, కరీంనగర్, ఎవరి ఊళ్లో వాళ్లు. కాగితం మీద పని వేళలు ఉదయం 11:30 నుంచి రాత్రి 8:30 వరకు. నిజానికి అవి ఎక్కడ ముగిసేవో ఎవరికీ తెలీదు, ఎందుకంటే వేసవిలో డాలస్‌లో ఉదయం తొమ్మిదైతే మనకు రాత్రి 7:30. వాళ్ల రోజు మొదలయ్యేది మన రోజు ముగిసే వేళకే.

మొదటి ప్రయత్నం, అది ఎందుకు బెడిసింది

రాజీనామా పెట్టిన వారమే నేను ఆవేశంగా ఒక మెయిల్ రాశాను: రాత్రి 8:30 తర్వాత ఎవరూ ఎవరికీ మెసేజ్ పెట్టకూడదు. అందరూ థంబ్స్ అప్ పెట్టారు. రెండు రోజుల్లో మాటలన్నీ మా ఆఫీస్ చాట్ స్లాక్ నుంచి వాట్సాప్‌కి మారాయి. ఆఫీస్ చాట్‌ని కనీసం మ్యూట్ చేయొచ్చు. వాట్సాప్‌లో అమ్మ మెసేజ్ పక్కనే ఆఫీస్ మెసేజ్ వస్తుంది కాబట్టి ఇది ఇంకా అన్యాయం.

రెండో వారంలో అసలు దెబ్బ తగిలింది. రాత్రి 11:10కి గుంటూరులో ఉండే మా టెస్టర్ ఏదో పనికి లాగిన్ అయి, ఆర్డర్ల ఫైల్ కదలకుండా ఆగిపోయిందని చూసింది. మెసేజ్ పెట్టకూడదనే రూల్ గుర్తొచ్చి ఆగిపోయింది. డాలస్‌లో అప్పుడు మధ్యాహ్నం పన్నెండున్నర దాటింది. క్లయింట్ వాళ్లకు మూడు గంటలప్పుడు తెలిసి మెయిల్ పెట్టారు. నేను ఆ మెయిల్ చూసింది తెల్లారి ఆరింటికి. టెస్టర్‌ని తప్పు పట్టడానికి ఏమీ లేదు, నేను చెప్పినట్టే చేసింది. తలుపులన్నీ మూసేసి, నిప్పంటుకుంటే బయటికి వచ్చే దారి ఎక్కడో చెప్పని మెయిల్ నాది. మర్నాడే ఆ రూల్ ఎత్తేశాం.

లెక్క పెట్టి చూస్తే

ఈసారి మెయిల్ రాయకుండా లెక్క పెట్టాను. రెండు వారాల పాటు రాత్రి 8:30 నుంచి ఉదయం 10 లోపు మా చానళ్లలో, నేనున్న చాట్లలో వచ్చిన మెసేజ్‌లన్నీ ఒక షీట్‌లో పెట్టాను. ఎవరు పంపారు, దేని గురించి, తెల్లారే దాకా ఆగితే ఏమయ్యేది, ఈ మూడే కాలమ్‌లు. మొత్తం 187 వచ్చాయి. తెల్లారే దాకా ఆగలేనివి 6. ఆ ఆరూ రెండు సంఘటనలకు సంబంధించినవే. "హాయ్", "ఉన్నావా", "ఒక చిన్న డౌట్" అని మాత్రమే ఉన్నవి 23. ఇక నేను పంపినవి 58. క్లయింట్ పంపినవి 49 మాత్రమే. "ఏం చేస్తాం, యూఎస్ క్లయింట్ కదా" అని ఇన్నాళ్లూ చెప్పుకున్న మాట అక్కడితో చెల్లకుండా పోయింది.

తర్వాత ఒక్కొక్కరితో ఇరవై నిమిషాలు మాట్లాడాను. అడిగింది ఒకటే: రాత్రి పది గంటలకు మెసేజ్ వస్తే ఎంతసేపట్లో జవాబు ఇవ్వాలని నీ లెక్క? ఎక్కువ మంది పది నిమిషాలన్నారు. ఒకతను "బ్లూ టిక్ పడకముందే" అన్నాడు. అదే మెసేజ్‌లు పంపినవాళ్లను, అంటే నన్ను, మా సీనియర్ డెవలపర్‌ని, క్లయింట్ లీడ్‌ని అడిగితే ముగ్గురం ఒకటే చెప్పాం: రేపు చూస్తే చాలు. పంపేవాళ్లు మర్చిపోకుండా రాసి పడేస్తున్నారు, అందుకునేవాళ్లు పిలుపు వచ్చినట్టు లేచి కూర్చుంటున్నారు.

ఇది మా టీమ్ పిచ్చి మాత్రమే కాదని తర్వాత తెలిసింది. లారా గియర్జ్, వెనెస్సా బాన్స్ అనే ఇద్దరు పరిశోధకులు 2021లో ప్రచురించిన పేపర్‌లో ఇదే తేలింది. పని వేళలు దాటాక వచ్చిన, తొందర లేని మెయిల్‌కి పంపినవాళ్లు ఆశించేదానికన్నా త్వరగా జవాబు ఇవ్వాలని అందుకున్నవాళ్లు అనుకుంటారట. "తొందరేం లేదు, ఫలానాలోపు చాలు" అని పంపినవాళ్లు ఒక్క లైన్ రాస్తే ఆ తేడా తగ్గుతుందట.

కానీ ఆ ఒక్క లైన్‌తో మా సమస్య తీరదని ఈ ఇరవై నిమిషాల మాటల్లోనే అర్థమైంది. కరీంనగర్ కుర్రాడు చెప్పిన మాట నాకు బాగా పట్టింది: "మెసేజ్‌కి జవాబు ఇవ్వడం కష్టం కాదక్కా. అది అర్జెంటో కాదో తెరిచి చూస్తే గానీ తెలీదు కదా, అదే టెన్షన్." తొందర లేదని రాసినా, ఆ లైన్ చదవాలంటే ఫోన్ తియ్యాల్సిందే. 6 నిజమైన అర్జెంట్ మెసేజ్‌లు మిగతా 181తో పాటు ఒకే గంట మోగించి వస్తున్నంతకాలం మనిషి ఆ గంట వింటూనే ఉంటాడు. అర్జెంటు విషయానికి వేరే దారి వేస్తే తప్ప మిగతా దారిలో నిశ్శబ్దం కుదరదు.

మేం రాసుకున్న ఒప్పందం

జులైలో దీన్ని ఒక పేజీలో రాశాం. సారాంశం ఇది. చాట్‌లో అడిగినదానికి పని వేళల్లో నాలుగు గంటల్లోపు జవాబు రావాలి. సాయంత్రం అడిగితే మర్నాడు మధ్యాహ్నం ఒంటి గంటలోపు. మెయిల్‌కి ఒక పని రోజు. పని వేళలు దాటాక చాట్, మెయిల్, వాట్సాప్ ఏదీ చూడాల్సిన బాధ్యత ఎవరికీ లేదు. నిజంగా ఆగలేని విషయమైతే ఆన్‌కాల్ నంబర్‌కి ఫోన్ చెయ్యాలి. ఆ వారం డ్యూటీలో ఉన్న ఒక్కరికే అది మోగుతుంది.

"నిజంగా ఆగలేనిది" అంటే ఏమిటో తేల్చడానికే మూడు మీటింగులు పట్టింది. క్లయింట్ లీడ్ మొదట పద్నాలుగు అంశాలు పంపాడు. అందులో వాళ్ల పెద్దాయన డెమోకి స్లయిడ్‌లో అంకె తప్పుంటే అనేది కూడా ఉంది. నేను ఒక్కో అంశానికీ ఒకటే అడిగాను: దీనికోసం మీ ఇంట్లో వాళ్లను రాత్రి రెండింటికి లేపుతారా? పద్నాలుగు నాలుగయ్యాయి. ఆర్డర్లు లోపలికి రావడం ఆగితే, లేబుళ్లు ప్రింట్ కాకపోతే, తప్పు ధర బయటికి వెళ్లిపోతే, డేటా లీకైతే. డెమో స్లయిడ్ జాబితాలోంచి పోయింది. అది పోయినందుకు ఆ లీడ్‌కి రెండు నెలలు కోపం ఉందని తర్వాత తెలిసింది.

రెండో బేరం ఓవర్‌ల్యాప్ గంట మీద. రెండు వైపులా ఉండే గంట ఒకటి కావాలి, లేకపోతే ప్రశ్నలన్నీ రాత్రికే జారతాయి. భారత కాలంలో 7:30 నుంచి 8:30 అని ఖాయం చేశాం. ఇక్కడ ఒక మెలిక ఉంది. నవంబర్ మొదటి ఆదివారం అమెరికాలో గడియారాలు గంట వెనక్కి వెళ్తాయి, మార్చి రెండో ఆదివారం మళ్లీ ముందుకు. మనకు ఆ గొడవ లేదు. అంటే చలికాలంలో డాలస్ తొమ్మిది మనకు 8:30 అవుతుంది. ఏటా నవంబర్‌లో ఎవరూ అడగకుండానే మా వాళ్ల పని రాత్రిలోకి ఇంకో గంట సాగేది. ఈసారి గంటని మన గడియారానికి కట్టేశాం: వేసవిలో వాళ్లకు అది ఉదయం తొమ్మిది, చలికాలంలో ఎనిమిది. నవంబర్ నుంచి మార్చి దాకా వాళ్లు ఒక గంట ముందు రావాలి. ఒప్పుకోరనుకున్నాను. పిల్లల్ని స్కూల్లో దింపే ఒకావిడ తప్ప అందరూ ఒప్పుకున్నారు. ఆవిడ బదులు వేరొకరు కూర్చుంటారు.

మెసేజ్ రాసే తీరు మీద కూడా ఒక రూల్ పెట్టాం, అది నా 58 మెసేజ్‌ల పుణ్యం. ఉత్త "హాయ్" నిషేధం. విషయం మొత్తం, ఏం కావాలి, ఎప్పటికి కావాలి, మూడూ ఒకే మెసేజ్‌లో ఉండాలి. "హాయ్, ఫ్రీనా?" బదులు "రిటర్న్‌ల రిపోర్టులో మంగళవారం వరుస రెండుసార్లు వస్తోంది, స్క్రీన్‌షాట్ కింద ఉంది, గురువారం రిలీజ్‌లోపు చూస్తే చాలు" అని. ఇలా రాస్తే చదివినవాడు ఒక్కసారి చదివి పక్కన పెట్టగలడు. "హాయ్" వస్తే మనసులో పది ఊహలు.

ఇక రోజూ రాత్రి 8:15కి ఎవరి పని వాళ్లు చానల్‌లో అప్పగింత నోట్ పెట్టాలి. మొదటి వారం నోట్లన్నీ ఇలా ఉన్నాయి: "లేబుల్ బగ్ మీద పని చేస్తున్నాను, రేపు కొనసాగిస్తాను." దాని వల్ల ఎవరికీ ఉపయోగం లేదు, అది చదివిన డాలస్ మనిషి రాత్రి పదకొండుకు "ఎంతవరకు వచ్చింది?" అని అడుగుతాడు. మూడో వారానికి ఇలా మారాయి: "లేబుల్ బగ్ దొరికింది, పాత ప్రింటర్లకు మాత్రమే వస్తోంది. సరి చేసిన కోడ్ టెస్ట్ సర్వర్‌లో ఉంది, ప్రొడక్షన్‌లో లేదు. పాత ప్రింటర్లు ఎన్ని ఉన్నాయో మీరు చెప్పాలి, నాకు రేపు 12 లోపు తెలిస్తే చాలు." ఇది రాయడానికి ఆరేడు నిమిషాలు పడుతుంది. రాత్రి ప్రశ్నలను నిజంగా తగ్గించింది ఈ ఆరేడు నిమిషాలే అని నా లెక్క. చాలామంది నోటిఫికేషన్ సెట్టింగ్‌లతో మొదలుపెడతారు. ప్రశ్న పుట్టే కారణం అలాగే ఉంటే సెట్టింగ్ ఏం చేస్తుంది?

సెట్టింగ్‌లూ పెట్టాం, లేవని కాదు. స్లాక్‌లో అందరికీ రాత్రి 8:30 నుంచి నోటిఫికేషన్లు ఆగేలా చేశాం. అందులో నేరుగా పంపే మెసేజ్‌కి "అయినా సరే మోగించు" అనే బటన్ వస్తుంది, దాన్ని ఎవరూ నొక్కకూడదని ఒప్పందంలో రాసుకున్నాం. ఒకరిద్దరు నొక్కారు. అడిగితే "అలా వచ్చింది, నొక్కాను" అన్నారు.

మోగని ఫోన్

సెప్టెంబర్‌లో ఒక రాత్రి 1:40కి లేబుళ్లు ఆగిపోయాయి. డాలస్‌లో మధ్యాహ్నం 3:10, ఐదింటికి ట్రక్కు. క్లయింట్ మనిషి జాబితా చూసి ఆన్‌కాల్ నంబర్‌కి ఫోన్ చేశాడు. అంతా రాసుకున్నట్టే జరిగింది, ఒక్కటి తప్ప: డ్యూటీలో ఉన్న విశాఖ అమ్మాయి లేవలేదు. పదిహేను నిమిషాలు ఎవరూ ఎత్తకపోతే రెండో మనిషికి పోతుంది, అతను ఎత్తాడు, 2:35కల్లా సరి చేశాడు, ట్రక్కు వెళ్లింది.

ఉదయం ఆ అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసింది. తన ఫోన్‌లో మిస్డ్ కాల్స్ ఉన్నాయి కానీ మోగలేదు. ఇద్దరం కూర్చుని చూశాం. ఐఫోన్, నిద్ర మోడ్‌లో ఉంది. అందులో ఒకే నంబర్ నుంచి మూడు నిమిషాల్లోపు రెండోసారి కాల్ వస్తే మోగనిచ్చే ఏర్పాటు ఉంది, తను దాన్ని నమ్ముకుంది. ఆన్‌కాల్ నంబర్‌కి వచ్చిన కాల్‌ని డ్యూటీ మనిషికి కలిపే మా అలర్ట్ టూల్ రెండోసారి ప్రయత్నించేది ఐదు నిమిషాల తర్వాత. పైగా అది కొన్నిసార్లు వేరే నంబర్ నుంచి చేస్తుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ఈ గడువు పదిహేను నిమిషాలు కాబట్టి మిగతావాళ్లు పరీక్షించినప్పుడు బాగానే మోగింది.

రెండు మార్పులు చేశాం. టూల్ వాడే నంబర్లన్నీ ఒకే కాంటాక్ట్‌గా సేవ్ చేసి, నిద్ర మోడ్‌లోనూ ఆ కాంటాక్ట్‌కి అనుమతి ఇచ్చాం. ఇక ప్రతి సోమవారం డ్యూటీ మారగానే ఫోన్‌ని నిద్ర మోడ్‌లో పెట్టి ఒక టెస్ట్ కాల్. రెండు నిమిషాల పని. ఇది అయ్యాకే ఆ అమ్మాయి, మిగతావాళ్లు కూడా, డ్యూటీ లేని వారాల్లో ఫోన్‌ని వేరే గదిలో పెట్టడం మొదలుపెట్టారు. ఆ ఒక్క ఫోన్ కచ్చితంగా మోగుతుందని నమ్మకం కుదిరేదాకా మిగతా ఎనిమిది మందీ తలగడ పక్కనే పెట్టుకుని పడుకున్నారు, ఒప్పందం ఏం చెప్పినా సరే.

ఆన్‌కాల్ ఉచితంగా చేయించకూడదని కూడా అక్కడే తెలిసింది. మొదట్లో కంపెనీ డబ్బివ్వడానికి ఒప్పుకోలేదు, రాత్రి లేచినవాళ్లకు మర్నాడు సగం రోజు సెలవు మాత్రం ఇచ్చాం. సెప్టెంబర్ రాత్రి తర్వాత ఆ లెక్క క్లయింట్ బిల్లులో కలిపి, డ్యూటీ వారానికి మూడు వేలు ఇప్పించగలిగాను. పెద్ద మొత్తం కాదు. కానీ డబ్బు పడుతుంది కాబట్టి క్లయింట్ వైపు కూడా కాల్ చేసేముందు జాబితా తెరిచి చూసుకుంటున్నారు.

కారిన చోట్లు

మా సీనియర్ డెవలపర్‌కి రాత్రి పని చేయడమే ఇష్టం. పిల్లలు పడుకున్నాక పది నుంచి ఒంటి గంట దాకా ప్రశాంతంగా ఉంటుందంటాడు. అతని అలవాటు మార్చే హక్కు నాకు లేదు. మెసేజ్‌లు షెడ్యూల్ చేయమన్నాం. చేశాడు, అన్నీ ఉదయం 11:30కి. ఉదయం కంప్యూటర్ తెరిచేసరికి ఒకేసారి పద్నాలుగు మెసేజ్‌లు వచ్చి పడేవి. ఇప్పుడు అన్నీ ఒక నోట్‌లో రాసి ఒకటే మెసేజ్ పంపుతాడు. అంతకన్నా గమ్మత్తు, అతని పేరు పక్కన వెలిగే పచ్చ చుక్క. మెసేజ్ రాకపోయినా అది చూసి ఇద్దరు జూనియర్లు పదకొండు దాకా లాగిన్‌లోనే ఉండేవారు. ఎందుకని అడిగితే, "అన్న ఉన్నాడు కదా, మేం లేకపోతే బాగోదు." అతను ఇప్పుడు రాత్రిళ్లు తన స్టేటస్‌ని లేనట్టు చూపించేలా పెట్టుకుంటాడు.

ఈ "బాగోదు" ఎక్కడి నుంచి వచ్చిందో పాత అప్రైజల్స్ తీస్తే దొరికింది. గత ఏడాది ఒకరికి మంచి రేటింగ్ ఇస్తూ నేనే రాశాను: "ఏ వేళప్పుడు మెసేజ్ చేసినా వెంటనే పలికే మనిషి." ఆ వాక్యం టీమ్ అంతటికీ తెలుసు. ఒక పేజీ ఒప్పందానికన్నా ఆ ఒక్క వాక్యం బలమైనది. ఈ ఏడాది అప్రైజల్ ఫారంలో స్పందన వేగం అనే గడి తీసేసి, అప్పగింత నోట్ చదివిన మనిషి మళ్లీ ప్రశ్న అడగాల్సి వచ్చిందా అనేది చూశాను.

ఆగస్టులో, అంటే మేం ఇదంతా సర్దుకుంటున్నప్పుడే, 26వ తేదీ నుంచి ఆస్ట్రేలియాలో పని వేళల తర్వాత వచ్చే కాల్స్, మెసేజ్‌లకు స్పందించకపోయే హక్కు చట్టంగా అమల్లోకి వచ్చింది. మా వాళ్లు ఆ వార్త గ్రూప్‌లో పెట్టి మనకూ ఉందా అని అడిగారు. ఎంపీ సుప్రియా సూలే 2018లో లోక్‌సభలో ఇలాంటి ప్రైవేటు మెంబర్ బిల్లు పెట్టారు, అది చట్టం కాలేదు. మాకున్నది క్లయింట్ సంతకం చేసిన ఆ ఒక్క పేజీయే.

ఆ పేజీ పనికిరాని వారం కూడా ఒకటి ఉంది. నవంబర్ 29 బ్లాక్ ఫ్రైడే, అమెరికాలో డిస్కౌంట్ అమ్మకాలతో ఆర్డర్లు పోటెత్తే రోజు. ఆ వారం నాలుగు అంశాల జాబితా, ఒక ఆన్‌కాల్ మనిషి సరిపోరని ముందే తెలుసు. అందుకని ముగ్గురితో సాయంత్రం ఆరు నుంచి రాత్రి మూడు దాకా షిఫ్ట్ నడిపాం, వాళ్లకు పగలు పూర్తిగా సెలవు. రాత్రంతా పని ఉండే సపోర్ట్ డెస్క్‌కి మా పద్ధతి పెట్టి ప్రయోజనం లేదు, వాళ్లకు కావాల్సింది షిఫ్టులే. ఆన్‌కాల్ పేరు పెట్టి రోజూ రెండుసార్లు లేపితే అది నైట్ డ్యూటీయే.

జనవరిలో మళ్లీ రెండు వారాలు అదే షీట్ నింపాను. 187 బదులు 44. నావి 3, ఆ మూడూ ఒకే రాత్రివి, ఆ రాత్రి మా నాన్నగారు హాస్పిటల్లో ఉంటే నా సెలవు గురించి రాసినవి. ఉత్త "హాయ్" 2, రెండూ డాలస్‌లో కొత్తగా చేరినతను పెట్టినవి. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఆన్‌కాల్ నంబర్ ఐదుసార్లు మోగింది. నాలుగు జాబితాలోవే. ఐదోది డెమో స్లయిడ్.

తీరని విషయం ఒకటుంది. ప్రొడక్షన్ తెలిసినవాళ్లు మాలో ఐదుగురే, అంటే ఐదు వారాలకోసారి డ్యూటీ. ఏప్రిల్ నుంచి విశాఖ అమ్మాయి ప్రసూతి సెలవు మీద వెళ్తోంది, నలుగురవుతారు. గుంటూరు టెస్టర్ నేర్చుకుంటానంది, జూన్‌కి సిద్ధమవుతుంది. అప్పటిదాకా ఐదో వారం నాది. గత సోమవారం టెస్ట్ కాల్‌కి నా ఫోన్ మోగలేదు. సెట్టింగ్ సరి చేసుకుని మళ్లీ చేయించుకున్నాను.